కేఫ్‌లో మొదటిసారి కలిశాం: ఆ చూపు, ఆ వంగడం, చేతి మీద ఆ తాకడం ఎలా అర్థం చేసుకోవాలి?

లాసన్స్‌బే_వాసు

పెద్దవాళ్ళు మాట్లాడుకుని, ముందు మీరిద్దరూ ఒకసారి బయట కలవండి అన్నారు. పోయిన శనివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఒక కేఫ్ మేడ మీద కలిశాం. ఆదివారంలోగా నేను అమ్మకి ఏదో ఒకటి చెప్పాలి. నాకైతే నచ్చింది. ఆ అమ్మాయి సంగతే తెలియడం లేదు, అందుకే టెన్షన్.

జరిగింది ఇది. మొదట కిటికీ దగ్గర సముద్రం వైపు ఉండే ఎత్తు స్టూళ్ళ మీద పక్కపక్కన కూర్చున్నాం. అక్కడున్నంతసేపూ ఆమె నా వైపు పెద్దగా చూడలేదు. నేను అడిగినవాటికి సముద్రం చూస్తూ జవాబు చెప్పింది. తర్వాత పుట్టినరోజు బ్యాచ్ ఒకటి దిగి పాటలు పెట్టారు. ఇద్దరం లేచి లోపల కాఫీ మెషిన్ పక్కన ఉన్న చిన్న గుండ్రటి బల్ల దగ్గరికి మారాం. అక్కడ మొత్తం మారిపోయింది. బల్ల మీద మోచేతులు ఆనించి బాగా ముందుకు వంగింది, కళ్ళు నా ముఖం మీదే. రెండు మూడు సార్లు నా పెదాల వైపు చూసినట్టు కూడా అనిపించింది. మధ్యమధ్యలో మాత్రం మెట్ల వైపు చూసేది. బోర్ కొట్టిందేమో అనుకున్నాను.

చేయి తాకడం రెండు సార్లు. ఒకసారి నా మోచేయి తగిలి కప్పు ఒరిగిపోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఇంకోసారి మా ఆఫీసులో లిఫ్ట్ కథ చెబితే నవ్వుతూ ముంజేతి మీద చిన్నగా తట్టింది. నేను తిరిగి తాకలేదు. తాకి ఉండాల్సిందా? మర్నాడు మెసేజ్: "బాగా మాట్లాడుకున్నాం. అమ్మతో చెప్తాను." అంతే.

గాజువాక_బావ

ఏటి బ్రో ఇంకా డౌటా? ముందుకు వంగింది, కళ్ళలోకి చూసింది, రెండుసార్లు తాకింది. మూడు సెకన్ల రూల్ తెలుసు కదా? ఎవరైనా మూడు సెకన్లకు మించి కళ్ళలోకి చూస్తే ఇష్టం ఉన్నట్టే. పెదాల వైపు చూస్తే ఇంక చెప్పక్కర్లేదు. అమ్మకి ఎస్ అని చెప్పేయ్. నువ్వు తిరిగి తాకకపోవడమే తప్పు, ఆ పిల్ల ఏమనుకుందో పాపం.

విశాఖ_వీకెండ్

పెళ్ళి మాటలకి బీచ్ రోడ్డు ఎందుకండీ, శనివారం పార్కింగ్ దొరకదు. రుషికొండ వైపు వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. సిరిపురంలో కూడా మంచివి ఉన్నాయి. బడ్జెట్ ఎంతో చెప్తే పేర్లు చెప్తాను.

లాసన్స్‌బే_వాసు

@విశాఖ_వీకెండ్ కలవడం అయిపోయిందండీ. నేను అడుగుతున్నది వేరే.

చెవిలో_మాట

వాసు గారూ, నేను ఆడియాలజిస్ట్‌ని. రోజంతా వినికిడి పరీక్షలే నా పని. మీ పోస్టులో నాకు ముందు కనబడింది అమ్మాయి కాదు, కాఫీ మెషిన్.

మామూలుగా మాట్లాడే గొంతు మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. గింజలు పొడి చేసే గ్రైండర్ పక్కన కూర్చుంటే చప్పుడు 75 దాటడం మామూలే. అంటే మీ మాటని ఆ చప్పుడు మింగేస్తుంది. అప్పుడు మనిషి చేయగలిగేవి రెండే: గొంతు పెంచడం, లేదా దగ్గరికి జరగడం. దూరం సగానికి తగ్గితే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. చిన్న బల్ల దగ్గర ఇద్దరూ చెరో జానెడు ముందుకు వంగితే దాదాపు ఆ పని అయిపోతుంది. ఆ చప్పుడులో మీ ఎదురుగా మీ మేనమామ కూర్చున్నా అలాగే వంగుతాడు.

పెదాల సంగతి కూడా అదే. వినికిడి బాగా ఉన్నవాళ్ళు కూడా చప్పుడులో నోటి కదలిక చూసే సగం మాట పట్టుకుంటారు. చప్పుడు పెరిగేకొద్దీ చూపు కళ్ళ నుంచి నోటి వైపు దిగుతుంది. అది మనం అనుకుని చేసే పని కాదు. మా గదిలో మాస్క్ పెట్టుకుని మాట్లాడితే బాగా వినపడేవాళ్ళు కూడా "ఏంటండీ?" అంటారు.

అందుకని ఒక్కటి అడుగుతాను. మెషిన్ ఆగినప్పుడు ఆమె ఏం చేసింది? గ్రైండర్ కాసేపే తిరుగుతుంది, పాలు వేడి చేసే ఆవిరి చప్పుడు ఇంకొంచెంసేపు ఉంటుంది. మధ్యలో నిశ్శబ్దం వస్తుంది కదా. ఆ గ్యాప్‌లలో వెనక్కి జారిందా, అలాగే ఉందా? ఆమె ఒక చెవిని మీ వైపు తిప్పిందా అనేది కూడా గుర్తు తెచ్చుకోండి. ఒక చెవి మందంగా ఉన్నవాళ్ళు మంచి చెవిని ఇచ్చి కూర్చుంటారు. అప్పుడు చూపు పక్కకి పోయినట్టు కనబడుతుంది.

గాజువాక_బావ

మేడమ్, అన్నింటికీ డెసిబెల్సేనా? మరి మూడు సెకన్లు?

చెవిలో_మాట

ఆ మూడు సెకన్లకి ఒక మూలం ఉంది, కానీ మీరు తిరగేసి చెప్తున్నారు. లండన్ సైన్స్ మ్యూజియంకి వచ్చిన సందర్శకులకి వీడియోలో కొత్త ముఖాలు చూపించి, ఎంతసేపు చూపు కలిస్తే ఇబ్బందిగా ఉండదో చెప్పమన్నారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. సగటు దాదాపు 3.3 సెకన్లు. అంటే ముక్కూమొహం తెలియనివాడు చూసినా అంతసేపు ఇబ్బంది లేదని. ఇష్టానికి అది గీత కాదు.

చూపు విషయంలో పనికొచ్చేది ఇంకొకటి ఉంది. వినేవాళ్ళు మాట్లాడేవాళ్ళకంటే ఎక్కువ చూస్తారు. మాట్లాడేవాళ్ళు మాట మొదలుపెట్టేటప్పుడు, ఆలోచించేటప్పుడు చూపు తిప్పుకుని, మాట ముగిసేచోట మళ్ళీ ముఖంలోకి చూస్తారు, "ఇక నీ వంతు" అన్నట్టు. ఆడం కెండన్ అనే ఆయన 1967లోనే ఇద్దరి సంభాషణలని ఫిల్మ్ తీసి ఇది గమనించాడు. వాసు గారు ఆఫీసు కథలు చెబుతుంటే ఆమె ముఖంలోకే చూసిందంటే వింటోందని అర్థం. అంతవరకే. ఆమె చెప్పేటప్పుడు, ప్రతి మాట చివరా చూపు మీ మీద వాలిందా? అది గుర్తు తెచ్చుకోండి.

లాసన్స్‌బే_వాసు

ఆలోచిస్తే కొన్ని గుర్తొస్తున్నాయి. గ్రైండర్ ఆగినప్పుడు మొదట్లో కొంచెం వెనక్కి జరిగేది. చివర్లో, ఆ పుట్టినరోజు వాళ్ళు వెళ్ళిపోయాక, పాటలు కూడా ఆగాక, అప్పుడు కూడా మోచేతులు బల్ల మీదే ఉన్నాయి. బహుశా ఇరవై నిమిషాలు అలాగే ఉంది. ఒక చెవి తిప్పడం లాంటిది లేదు. మాట చివర చూడటం... అవును, "మీకేమనిపిస్తుంది?" అని అడుగుతూ చూసేది.

చెవిలో_మాట

అయితే నేను లెక్కలోకి తీసుకునేది ఆ చివరి ఇరవై నిమిషాలే. మొదటి గంటని పక్కన పెట్టేయండి. అవసరం తీరిపోయాక కూడా దగ్గరగా ఉండిపోవడానికి చప్పుడు కారణం కాదు.

కప్పు_సాసరు

నేను కేఫ్‌లోనే పని చేస్తాను, పేరు చెప్పను. మేడమ్ చెప్పింది కరెక్టే, కానీ ఇరవై నిమిషాల మీద కూడా నాకు డౌట్. ఆ గుండ్రటి బల్లలు చాలా చోట్ల అరవై సెంటీమీటర్లే ఉంటాయి. రెండు కప్పులు, ఒక కేక్ ప్లేటు, రెండు ఫోన్లు పెడితే నిండిపోతుంది. కుర్చీల వీపు వెనక్కి వాలిపోయి ఉంటుంది, ఆనుకుంటే పడుకున్నట్టు ఉంటుంది. అందుకే కూర్చున్న ప్రతివాడూ చివరికి మోచేతులు బల్ల మీద పెడతాడు. లెక్కలు చూసుకోడానికి వచ్చిన రియల్ ఎస్టేట్ వాళ్ళు కూడా. దూరం నుంచి చూస్తే అందరూ ప్రేమికుల్లాగే ఉంటారు.

సముద్రం వైపు స్టూళ్ళ గురించి కూడా చెప్పాలి. అక్కడ కూర్చుని ఎవరి కళ్ళూ చదవలేరు. పక్కమనిషిని చూడాలంటే మెడ పూర్తిగా తిప్పాలి, కాళ్ళేమో కింద రాడ్ మీద ఇరుక్కుని ఉంటాయి. ఐదేళ్ళ కాపురం ఉన్నవాళ్ళు కూడా అక్కడ సముద్రాన్నే చూస్తారు. ఉదయం అయితే ఇంకా ఘోరం, తూర్పు ఎండ కొట్టి అందరూ కళ్ళు చికిలించుకుని కోపంగా కనబడతారు.

చేతులు కట్టుకుంటే ఇష్టం లేదని ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను: ఏసీ కింద సీట్లో ఎవరైనా చేతులు కట్టుకుంటారు.

ఎంవీపీ_మాధవి

వాసు గారూ, అమ్మాయిల వైపు నుంచి ఒక మాట. ఇలాంటి మీటింగులు నాకూ అయ్యాయి.

మెట్ల వైపు చూడటం బోర్ కాదు. వైజాగ్‌లో శనివారం సాయంత్రం బీచ్ రోడ్డు అంటే మీకు తెలియదా? కాలేజీ లెక్చరర్, నాన్న ఫ్రెండు, మేడ మీద అద్దెకుండే ఆంటీ, ఎవరైనా ఎక్కి రావచ్చు. ఇంకా ఏదీ ఖాయం కాకముందే ఇంటికి వార్త చేరిపోతుంది. నేనైతే కావాలనే తలుపు కనబడే కుర్చీ తీసుకునేదాన్ని. ఎవరైనా వస్తున్నారా అని చూసి, మళ్ళీ మాటలోకి వచ్చేదాన్ని. ఆమె మెట్ల వైపు చూసి తిరిగి వచ్చాక అదే మాట అందుకుందా, లేక "ఆఁ, ఏమన్నారు?" అందా? తేడా అక్కడుంది.

ఇక తాకడం. మొదటిది లెక్కలోకి రాదు. కప్పు పడిపోతుంటే వెయిటర్ అయినా పట్టుకుంటాడు. రెండోది మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. పెళ్ళి మాటల కోసం కలిసిన కొత్త మనిషి చేతిని ఊరికే తట్టను నేను. ఆమె మీ దగ్గర భయం లేకుండా ఉంది. అది చిన్న విషయం కాదు.

కానీ భయం లేకపోవడం వేరు, ఇష్టపడటం వేరు. నవ్వొస్తే పక్కవాళ్ళని తట్టే అలవాటు మా చెల్లికి ఉంది. ఆటో డ్రైవర్ జోకు వేస్తే ఆ సీటుని తట్టింది ఒకసారి. ఆమె మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలియదు కదా, ఒక్కసారే చూశారు. ఆర్డర్ తీసుకునే అబ్బాయితో ఎలా మాట్లాడింది? అతనితోనూ అంతే కలుపుగోలుగా ఉంటే, అది ఆమె తీరు.

@గాజువాక_బావ ఆమె తట్టింది కాబట్టి అతను తిరిగి తాకాలన్నది మాత్రం చాలా తప్పు సలహా. నవ్వుతూ ముంజేతి మీద తట్టడం ఒక క్షణం పని. దానికి బదులుగా మీరు చేయి పట్టుకుంటే అది వేరే మాట. ఒకదానికి ఒప్పుకుంటే రెండోదానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు. తాకాక ఆమె చేయి బల్ల కిందికి పోయినా, బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నా అక్కడితో ఆపేయాలి. అసలు ఆ దాకా రానివ్వడం ఎందుకు?

గాజువాక_బావ

సరే మాధవి గారూ, చేయి పట్టుకోమని అనలేదు, చిన్నగా తట్టొచ్చు కదా అన్నాను. మా ఫ్రెండ్స్‌లో అందరూ అలాగే. అయినా మీరే అన్నారుగా రెండో తాకడం చిన్న విషయం కాదని. నేను చెప్పిందీ అదే.

ఎంవీపీ_మాధవి

సగం అదే. మీరు "ఎస్ చెప్పేయ్" దాకా వెళ్ళిపోయారు.

రిటైర్డ్_రావు

అందరికీ నమస్కారం. స్టీల్ ప్లాంట్‌లో పని చేసి రిటైర్ అయినవాణ్ణి. మా పెళ్ళిచూపులు 1988లో అనకాపల్లిలో జరిగాయి. మా ఆవిడ కాఫీ ఇచ్చి, తల వంచుకుని కూర్చుని, తల ఎత్తకుండానే లోపలికి వెళ్ళిపోయింది. మా నాన్న "పిల్లకి ఇష్టం లేదేమోరా" అన్నారు. పెళ్ళయ్యాక అడిగాను. ఎదురు గోడకి నిలువుటద్దం ఉందట. కిందికి చూస్తున్నట్టే ఉండి అందులో నన్ను మొత్తం చూసేసిందట. నా బూట్ల పాలిష్ కూడా బాలేదని ఇప్పటికీ అంటుంది.

కాబట్టి చూడకపోవడాన్ని చూసి భయపడొద్దు బాబూ. మా అబ్బాయికీ ఇదే చెప్తున్నాను, వినడు. వాడికి ముప్పై ఒకటి. ఎవరైనా మంచి సంబంధం ఉంటే చెప్పండి.

చెవిలో_మాట

రావు గారి అద్దం బాగుంది. అన్నట్టు, చూపు తగ్గడానికి ఇంకో కారణం ఉంది. దగ్గరికి జరిగేకొద్దీ మనుషులు చూపు తగ్గిస్తారు. అంత దగ్గరగా ఉండి అంతసేపు కళ్ళలోకి చూస్తే ఊపిరాడనట్టు ఉంటుంది కాబట్టి, ఒకటి పెరిగితే రెండోది తగ్గి సరిపోతుంది. ఆర్గైల్, డీన్ అనే ఇద్దరు 1965లో ఈ మాట రాశారు. నిండా జనం ఉన్న లిఫ్ట్‌లో అందరూ అంకెల వైపు ఎందుకు చూస్తారో గమనించండి. వాసు గారు కూడా బల్ల మీదికి వంగి ఉంటే, ఆమె చూపు కప్పులోకి దిగడం ముఖం చాటేయడం కాదు.

మాధవి గారి రెండో తాకడం గురించి నేను వాదించను. నా అనుభవం క్లినిక్‌లో, అక్కడ అందరూ మమ్మల్ని తాకుతారు. కాకపోతే ఒక్క జాగ్రత్త. ఇలాంటి చోట్ల తప్పు రెండు వైపులా సమానంగా జరగదు. కలుపుగోలుతనాన్ని మగవాళ్ళు ఇష్టంగా చదివేయడం, ఆడవాళ్ళు అలా చదవకపోవడం 1982లో ఆంటోనియా ఆబీ చేసిన ప్రయోగంలోనే కనిపించింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే పక్కనుంచి చూసిన మగవాళ్ళు కూడా అలాగే చదివారు. అందుకే మన బావ గారి ఓటుకి నేను కొంచెం తక్కువ విలువ ఇస్తాను, ఏమనుకోకండి.

గాజువాక_బావ

😄 అనుకోను లెండి మేడమ్.

లాసన్స్‌బే_వాసు

అందరికీ థాంక్స్. మాధవి గారూ, మెట్ల వైపు చూసి వచ్చాక అదే మాట అందుకునేది. ఒకసారైతే నేనే మర్చిపోతే "పార్వతీపురం దగ్గర ఆపారు" అని గుర్తు చేసింది. ఆర్డర్ తీసుకున్న అబ్బాయితో మామూలుగా మాట్లాడింది, "కొంచెం చక్కెర తక్కువ" అని, అంతే. తట్టడం, నవ్వడం లేవు.

మరి అమ్మకి ఏం చెప్పాలి? ఎస్ చెబితే వెంటనే ఇంటికి వచ్చేస్తారు. నో చెప్పాలని లేదు.

ఎంవీపీ_మాధవి

చక్కెర తక్కువ అని చెప్పడానికి ఎవరూ తట్టరు, అది పెద్ద సాక్ష్యం కాదు. పార్వతీపురం మాత్రం నాకు నచ్చింది.

అమ్మకి "నాకు నచ్చింది, ఇంకోసారి మాట్లాడుకుంటాం" అని చెప్పండి. అది నిజమే కదా. ఆ అమ్మాయికి నేరుగా మెసేజ్ పెట్టండి. "మీతో మాట్లాడటం నాకు బాగా అనిపించింది. ఇంట్లోవాళ్ళు ముందుకు వెళ్ళేలోపు ఇంకోసారి కలవాలని ఉంది. మీకు అలా లేకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, ఇంట్లో నేను చూసుకుంటాను." చివరి వాక్యం వదలొద్దు. ఇంట్లో గొడవ తన మీదికి రాదని తెలిస్తేనే అమ్మాయి నిజం చెప్తుంది. "చూద్దాం" అని ఊరుకుందా, "ఈ శనివారం కుదరదు, బుధవారం అయితే ఓకే" అందా చూడండి. రోజు తనే చెప్పిందంటే, ఇక్కడ మేమందరం కలిసి చదివినదానికంటే ఎక్కువే తెలుస్తుంది.

కప్పు_సాసరు

కలిస్తే గ్రైండర్‌కి, స్పీకర్‌కి దూరంగా మూల బల్ల అడగండి. ఎదురెదురుగా వద్దు, పక్కపక్కనా వద్దు, బల్ల మూలకి అటొకరు ఇటొకరు కూర్చోండి. చూడాలనుకుంటే చూడొచ్చు, వద్దనుకుంటే మెడ తిప్పక్కర్లేకుండా బయటికి చూడొచ్చు. కుర్చీ ఏది కావాలో ఆమెనే ముందు తీసుకోనివ్వండి. మామూలు రోజు నాలుగు గంటలకి వస్తే ఖాళీగా ఉంటుంది, మాకూ హాయి.

చెవిలో_మాట

అవును, అక్కడ ఎవరైనా ముందుకు వంగితే నేనూ నమ్ముతాను.

గాజువాక_బావ

ఏసీ కింద కాకుండా చూసుకో బ్రో.

లాసన్స్‌బే_వాసు

మెసేజ్ పంపాను. రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. "టైపింగ్" అని వచ్చి ఆగిపోయింది. దీనికి అర్థం ఏంటి అని మాత్రం అడగను.

విశాఖ_వీకెండ్

మూల బల్ల కావాలంటే సిరిపురంలో ఒకటి తెలుసు, పార్కింగ్ కూడా ఉంది.